మానని చీలిక: ఫిషర్‌లో అసలు చిక్కు కండరం బిగువుది

క్లుప్తంగా: మలద్వారం చర్మం నిలువుగా చీలితే దాన్ని ఫిషర్ అంటారు. కొత్తగా పడిన చీలికల్లో సుమారు సగం మామూలు జాగ్రత్తలతోనే కొద్ది వారాల్లో మానిపోతాయి. మాననివాటిలో ఎక్కువగా అడ్డుపడేది పుండు కింద బిగుసుకుపోయిన కండరం. ఆ బిగువు వల్ల పుండుకు అందాల్సిన రక్తం తగ్గిపోతుంది. పైపూతగా ఇచ్చే ఆయింట్‌మెంట్లు ఆ కండరాన్ని వదులు చేయడానికే. నొప్పి తగ్గగానే వాటిని ఆపేస్తే చీలిక మళ్లీ తెరుచుకుంటుంది.

## మొలలు అనుకునే నొప్పి

మలద్వారం దగ్గర ఏ బాధ వచ్చినా దాన్ని మొలల ఖాతాలో వేసేయడం మామూలే. నలుగురిలో చెప్పుకోలేని చోటు కాబట్టి చాలామంది డాక్టర్‌కు చూపించుకోరు. మందుల షాపులో పైల్స్ క్రీమ్ అడిగి తెచ్చుకుని రాసుకుంటూ నెలలు గడిపేస్తారు. వారిలో కొందరికి ఉన్నది మొలలు కాదు, ఫిషర్. ఈ రెండింటినీ విడదీసి చూపించేది నొప్పి.

మలద్వార నాళం పొడవు సుమారు 3 నుంచి 4 సెంటీమీటర్లు. దాని లోపల చుట్టూ రంపపు పళ్లలా ఒక గీత ఉంటుంది. డెంటేట్ లైన్ అంటారు. ఆ గీతకు పైన ఉన్నది పేగు పొర. దానికి గాయమైనా పెద్దగా తెలియదు. గీతకు కింద ఉన్నది చర్మం. వేలి కొస మీది చర్మానికి ఎంత స్పర్శ ఉంటుందో దీనికీ ఇంచుమించు అంతే ఉంటుంది. లోపలి మొలలు గీతకు పైన వస్తాయి కనుక రక్తం పడినా సాధారణంగా నొప్పి ఉండదు. ఫిషర్ గీతకు కింద పడుతుంది కనుక ప్రాణం పోయినంత పనవుతుంది.

ఫిషర్ ఉన్నవారు చెప్పే బాధను జాగ్రత్తగా వింటే అందులో రెండు నొప్పులు ఉంటాయి. మొదటిది మలం దిగే క్షణంలో గాజు పెంకుతో కోసినట్టు వచ్చేది. టిష్యూ మీద ఎర్రటి చార కనిపిస్తుంది. తర్వాత కాసేపు కొంత ఊరట ఉండొచ్చు. ఆపైన రెండో నొప్పి మొదలవుతుంది. లోపల ఎవరో పిండుతున్నట్టు, మంటా పోటూ కలిసి గంట, రెండు గంటలు, ఒక్కోసారి సగం రోజు ఉంటుంది. కూర్చోలేరు, నిలబడలేరు. మొదటి నొప్పి చీలికది, రెండోది కండరానిది. పుండు ఎందుకు మానడం లేదన్న ప్రశ్నకు జవాబు ఈ రెండో నొప్పి దగ్గరే ఉంది.

## చీలిక ఎలా పడుతుంది, అక్కడే ఎందుకు పడుతుంది

ఎక్కువమందిలో కారణం గట్టి మలం. మలబద్ధకంతో రాయిలా మారిన మలాన్ని ముక్కి బయటికి తోసినప్పుడు చర్మం సాగగలిగినంత సాగి, ఆపైన చిట్లిపోతుంది. మలబద్ధకమే లేనివారికీ ఇది రావచ్చు. రోజుకు పదిసార్లు నీళ్ల విరేచనాలైనా ఆ చర్మం ఒరిసిపోయి చీలుతుంది. కాన్పు సమయంలో పడే ఒత్తిడి మరో కారణం.

విచిత్రమేమిటంటే ఈ చీలిక ఎక్కడపడితే అక్కడ పడదు. దాదాపు 90 శాతం వెనకవైపు, వెన్నెముక కొస ఉన్న దిశలో సరిగ్గా మధ్య గీత మీదే ఉంటుంది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ముందువైపు మధ్యలో ఉంటాయి. ఈ రకం స్త్రీలలో ఎక్కువ. గట్టి మలం ఒక్కటే కారణమైతే చీలిక చుట్టూ ఎక్కడైనా పడాలి కదా? వెనక మధ్యనే అది పడటానికీ, అక్కడే మొండికేయడానికీ రక్త ప్రసరణ కూడా కారణమని 1980ల చివర నుంచి ఒక్కొక్కటిగా ఆధారాలు దొరికాయి.

1989లో క్లోస్టర్‌హాల్ఫెన్ బృందం మృతదేహాల్లో ఆ ప్రాంతపు రక్తనాళాలను పరిశీలించింది. వాటిలో 85 శాతానికి వెనక మధ్య భాగంలో సన్న రక్తనాళాల అల్లిక పలచగా ఉంది. పక్కలకు ఎడమ నుంచి, కుడి నుంచి రక్తం బాగానే అందుతోంది. రెండు వైపుల కొమ్మలు కలవాల్సిన వెనక మధ్య చోటుకు వచ్చేసరికి సరఫరా సన్నగిల్లుతోంది. కాలువ చివరి పొలానికి నీళ్లు అందనట్టే ఇది కూడా. మామూలు రోజుల్లో ఆ కొద్ది రక్తం సరిపోతుంది. పుండు పడ్డాక, మానడానికి మరింత రక్తం కావలసినప్పుడే కొరత బయటపడుతుంది.

## పిండే వలయం

మలద్వారం చుట్టూ రెండు కండర వలయాలు ఉంటాయి. బయటిది మన మాట వింటుంది. గాలి బయటికి రాకుండా బిగబట్టినప్పుడు పనిచేసేది అదే. లోపలిది మన ఆధీనంలో ఉండదు. గుండె, పేగు తమంతట తాము పనిచేసినట్టే ఇదీ రాత్రింబవళ్లు కొద్దిగా బిగిసి ఉంటుంది. నిద్రలో కూడా మలద్వారం మూసి ఉండటానికి ఎక్కువగా ఇదే ఆధారం. కదలకుండా ఉన్నప్పుడు నాళంలో ఉండే పీడనంలో మూడొంతుల దాకా ఈ లోపలి కండరం నుంచే వస్తుంది.

ఈ కండరం బిగిస్తే చర్మానికి రక్తం తగ్గడమేమిటన్న సందేహం సహజం. దీనికి కారణం నిర్మాణంలోనే ఉంది. వెనక మధ్య భాగపు చర్మానికి వెళ్లే సన్న ధమనులు లోపలి కండరాన్ని చీల్చుకుంటూ దాని గుండా రావాలి. కండరం పిడికిలిలా బిగిస్తే మధ్యలో ఉన్న ఆ గొట్టాలు నలుగుతాయి.

నెదర్లాండ్స్‌లో షౌటెన్ బృందం 1994లో దీన్ని కొలిచి చూపించింది. లేజర్ డాప్లర్ అనే పరికరంతో చర్మంలోని రక్త ప్రవాహాన్ని, దానితోపాటు నాళంలోని పీడనాన్ని లెక్కకట్టారు. పీడనం ఎంత ఎక్కువైతే వెనక మధ్యన రక్త ప్రవాహం అంత తక్కువగా ఉంది. ఫిషర్ రోగుల్లో పీడనం అందరికంటే ఎక్కువ, చీలిక అడుగున ప్రవాహం అందరికంటే తక్కువ. శస్త్రచికిత్సతో కండరాన్ని వదులు చేశాక పీడనం పడిపోయి అదే చోట రక్త ప్రవాహం పెరిగిందని తర్వాత అదే బృందం చూపించింది. ఈ వాదన నిలబడటానికి బలమైన ఆధారం ఈ చివరి ముక్కే. బిగువు తీసేస్తే రక్తం వచ్చింది, రక్తం వచ్చాక పుండు మానింది. దీర్ఘకాలిక ఫిషర్‌ను రక్తం అందని పుండుగా చూడటం ఈ ఫలితాలతోనే బలపడింది.

దీనికి మరో పొర కూడా ఉంది. మలం వచ్చి పురీషనాళం నిండినప్పుడు లోపలి కండరం కాసేపు వదులు కావాలి. అందరిలోనూ అలాగే అవుతుంది. అయితే ఫిషర్ ఉన్నవారిలో ఆ వదులు తర్వాత కండరం మునుపటి స్థాయి దగ్గర ఆగకుండా దాన్ని మించి బిగుస్తుంది. 1974లోనే నాథ్‌మన్, షూస్టర్ దీన్ని పీడన గ్రాఫుల్లో గుర్తించారు. మోషన్ అయిపోయాక గంటల తరబడి ఉండే ఆ రెండో నొప్పికి శరీరంలో కనిపించే రూపం ఇదే.

ఆ నొప్పికి భయపడి మనిషి బాత్‌రూమ్‌కు వెళ్లడం వాయిదా వేస్తాడు. పేగులో ఆగిన మలంలోంచి నీరు ఇంకా ఇంకిపోయి అది మరింత గట్టిపడుతుంది. మర్నాడు అది దిగేటప్పుడు సగం మానిన అంచులు మళ్లీ తెగుతాయి. మళ్లీ బిగువు, మళ్లీ రక్తం తగ్గడం. బిగువు ముందు వచ్చిందా, చీలిక ముందు వచ్చిందా అన్న చర్చ వైద్యుల్లో చాలాకాలం నడిచింది. కొందరికి పుట్టుకతోనే కండరం బిగువుగా ఉండి, మామూలు మలానికే చర్మం చిట్లుతుందని ఒక వాదన. చికిత్సకు మాత్రం ఆ చర్చ తేలే దాకా ఆగనక్కరలేదు. చక్రం ఎక్కడ మొదలైనా, దాన్ని తెంచడానికి వీలైన చోట్లు రెండే. ఒకటి మలం గట్టిదనం, రెండోది కండరం బిగువు.

## కొత్తది, పాతది

ఆరు వారాలు దాటని చీలికను కొత్తదిగా లెక్కిస్తారు. అది కాగితం అంచు తగిలి వేలు తెగినట్టు పలచగా, శుభ్రంగా ఉంటుంది. పాతబడ్డ చీలిక రూపం వేరు. అంచులు గట్టిపడి పైకి లేస్తాయి. అడుగున లోపలి కండరపు తెల్లటి పోగులు అడ్డంగా కనిపిస్తాయి. చీలిక బయటి కొసన చర్మం ఉబ్బి చిన్న తోలుముక్కలా వేలాడుతుంది. చాలామంది చేతికి తగిలి మొల అనుకునేది ఈ తోలుముక్కనే. దానికి పైల్స్ క్రీమ్ ఎంత రాసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే సమస్య దాని వెనక దాగిన చీలికలో ఉంది.

ఆ క్రీముల గురించి ఒక మాట చెప్పాలి. వాటిలో సాధారణంగా మొద్దుబార్చే మందు, కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటాయి. మొద్దుబార్చే మందు కాసేపు నొప్పిని కప్పుతుంది. రక్తం అందకుండా చేస్తున్న బిగువు మాత్రం అలాగే ఉండిపోతుంది. స్టెరాయిడ్‌ను వారాల తరబడి రాస్తే అసలే నలిగిన చర్మం ఇంకా పలచబడుతుంది.

## మలం మెత్తబడకుండా ఏ మందూ నిలవదు

కొత్త చీలికల్లో సుమారు సగం పీచు, నీళ్లు, గోరువెచ్చని నీటి తొట్టితోనే మానిపోతాయి. రోజుకు మొత్తం 25 నుంచి 30 గ్రాముల పీచు అందేలా చూడటం లక్ష్యం. తిండితో అంత రాకపోతే ఇసబ్గోల్ పొట్టు వంటివి కలుపుకోవాలి. నీళ్లు తక్కువ తాగుతూ పొట్టు మాత్రం ఎక్కువ వేసుకుంటే అది లోపల ముద్దకట్టి మలబద్ధకాన్ని పెంచుతుంది. ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

గోరువెచ్చని నీటిలో 10, 15 నిమిషాలు కూర్చోవడం పుండును కడగడానికే అనుకుంటారు. దాని అసలు పని వేరు. సుమారు 40 డిగ్రీల వేడి నీళ్లు లోపలి కండరాన్ని వదులు చేస్తాయి. ఉత్త నీళ్లు చాలు, అందులో మందులు కలపనక్కరలేదు. మోషన్ అయిన వెంటనే, అంటే కండరం అతిగా బిగిసే సమయంలో కూర్చుంటే ఫలితం ఎక్కువ.

మానిన తర్వాత పీచు ఆపేయడం మరో తప్పు. జెన్సన్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త చీలిక మానినవారికి ఏడాది పాటు గోధుమ తవుడు ఇచ్చి చూశారు. రోజుకు 15 గ్రాములు తీసుకున్నవారిలో 16 శాతం మందికి మళ్లీ చీలిక వచ్చింది. అందులో సగం, అంటే 7.5 గ్రాములు తీసుకున్నవారిలో 60 శాతానికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 68 శాతానికి తిరగబెట్టింది. మోతాదు సగమైతే ప్రయోజనం దాదాపు లేకుండానే పోయింది.

## ఆయింట్‌మెంట్ ఏం చేస్తుంది

లోపలి కండరానికి ‘వదులు అవ్వు’ అని నాడులు చెప్పేది నైట్రిక్ ఆక్సైడ్ అనే అణువు ద్వారానని 1990ల మొదట్లో తేలింది. ఆ అణువును ఇవ్వగలిగే మందు అప్పటికే గుండె నొప్పికి వాడుకలో ఉంది. అదే నైట్రోగ్లిజరిన్, దీన్నే గ్లిసరిల్ ట్రైనైట్రేట్ అని కూడా అంటారు. నాలుక కింద పెట్టుకుంటే గుండె రక్తనాళాలను వదులు చేసే మందే, పలచటి ఆయింట్‌మెంట్‌గా మలద్వారంలో రాస్తే అక్కడి కండరాన్ని వదులు చేస్తుంది. కత్తి పెట్టకుండానే, ఆ కొద్ది వారాల వరకు శస్త్రచికిత్స చేసే పనిని ఇది చేస్తుందన్నమాట. సాధారణంగా 0.2 శాతం లేదా 0.4 శాతం బలంతో దొరుకుతుంది.

1997లో లండ్, స్కోల్‌ఫీల్డ్ చేసిన పరీక్షలో 0.2 శాతం ఆయింట్‌మెంట్‌తో 8 వారాల్లో 68 శాతం మందికి పాత చీలిక మానింది. ఉత్త పూతతో మానినవారు 8 శాతమే. అప్పట్లో ఇది సంచలనం. తర్వాత జరిగిన చాలా పరీక్షలను కలిపి చూసిన సమీక్షల్లో ఆ తేడా బాగా తగ్గింది. మందుతో మానినవారు సుమారు సగం మంది, ఉత్త పూతతో మానినవారు మూడోవంతుకు కాస్త పైన. పైగా మానినవారిలోనూ దాదాపు సగం మందికి తర్వాతి కాలంలో తిరగబెట్టింది. కాబట్టి ఆయింట్‌మెంట్‌ను అద్భుతంగా చూపించడం తప్పు. అయినా శస్త్రచికిత్స కంటే ముందు దీన్నే వాడమనడానికి మంచి కారణం ఉంది. మందు ఆపితే దాని ప్రభావం పూర్తిగా పోతుంది. కోసిన కండరాన్ని తిరిగి అతికించలేం.

నైట్రోగ్లిజరిన్‌తో వచ్చే పెద్ద ఇబ్బంది తలనొప్పి. మందు చర్మంలోంచి రక్తంలోకి చేరి తలలోని రక్తనాళాలనూ సాగదీస్తుంది. చాలామంది చికిత్సను మధ్యలో వదిలేసేది దీనివల్లే. ఒక వారం, రెండు వారాల్లో ఇది చాలామందిలో తగ్గుతుంది. ఇంతకంటే ప్రమాదకరమైన విషయం ఒకటుంది. సిల్డెనాఫిల్ వంటి లైంగిక సామర్థ్యపు మాత్రలు వాడేవారు ఈ ఆయింట్‌మెంట్ రాసుకోకూడదు. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. బయట రాసుకునే మందే కదా అని ఈ మాత్రల సంగతి డాక్టర్‌కు చెప్పకపోవడం సరికాదు.

డిల్టియాజెమ్ 2 శాతం క్రీమ్ మరో దారిలో పనిచేస్తుంది. కండరం బిగియాలంటే దాని కణాల్లోకి కాల్షియం చేరాలి. డిల్టియాజెమ్ ఆ ద్వారాన్ని మూస్తుంది. నిఫెడిపిన్ కూడా ఇదే తరహా. మాన్పడంలో ఇవి నైట్రోగ్లిజరిన్‌కు దాదాపు సమానం. తలనొప్పి మాత్రం బాగా తక్కువ. కొందరికి రాసిన చోట దురద వస్తుంది. అందుకే ఇప్పుడు చాలామంది సర్జన్లు మొదట డిల్టియాజెమ్ రాస్తున్నారు.

రాసే పద్ధతి మీద కూడా ఫలితం ఆధారపడుతుంది. బఠాణీ గింజంత మందును తొడుగు వేసిన వేలితో, మలద్వారం అంచు చుట్టూ, ఒక సెంటీమీటరు లోపలి దాకా రాయాలి. సాధారణంగా రోజుకు రెండుసార్లు. తొడుగు లేకపోతే వేలి చర్మంలోంచి కూడా మందు ఒంట్లోకి వెళ్తుంది. నొప్పికి భయపడి పిరుదుల మధ్య పైపైన పూస్తే మందు కండరానికి చేరదు. రాశాక కాసేపు పడుకుంటే కళ్లు తిరగడం తక్కువగా ఉంటుంది.

## మూడో వారంలో జరిగే పొరపాటు

ఒక ఉదాహరణ ఊహించి చూద్దాం. 35 ఏళ్ల వ్యక్తికి రెండు నెలలుగా మోషన్ తర్వాత రెండు గంటల నొప్పి. పరీక్షలో వెనక మధ్యన చీలిక, బయట చిన్న తోలుముక్క కనిపించాయి. డిల్టియాజెమ్ క్రీమ్, పీచు, నీటి తొట్టి 8 వారాలకు రాసిచ్చారు.

మొదటి నాలుగు రోజులు తేడా ఏమీ లేదు. పదో రోజుకు మోషన్ తర్వాతి నొప్పి రెండు గంటల నుంచి 20 నిమిషాలకు దిగింది. మూడో వారంలో నొప్పే లేదు. తగ్గిపోయిందనుకుని క్రీమ్ ఆపేశారు, పొట్టు కూడా మానేశారు. ఐదో వారంలో ఒక గట్టి మోషన్‌తో అంతా మొదటికొచ్చింది. ‘మందు పనిచేయలేదు’ అన్న నిర్ణయం సరిగ్గా ఇక్కడే జరుగుతుంది.

నిజానికి మందు తన పని చేసింది. నొప్పిలో పెద్ద భాగం బిగువుది కనుక, బిగువు తగ్గగానే పుండు మానకముందే నొప్పి పోయింది. కొత్త చర్మం అంచుల నుంచి మధ్యకు పాకి, చీలికను కప్పి, సాగినా చిట్లనంత బలపడటానికి ఇంకా వారాలు కావాలి. క్రీమ్ ప్రభావం గంటల లెక్కే కాబట్టి ఆపిన రోజు నుంచే కండరం మళ్లీ బిగియడం మొదలవుతుంది. ఈ వ్యక్తి విషయంలో చేయాల్సింది మందు మార్చడమో ఆపరేషనో కాదు. అదే క్రీమ్‌ను 8 వారాలూ పూర్తిగా వాడి, ఆ తర్వాత చీలికను మళ్లీ చూపించుకోవడం.

## ఆయింట్‌మెంట్ ఓడిపోతే

పూర్తి కోర్సు వాడినా చీలిక అలాగే ఉంటే తర్వాతి మెట్టు బొటాక్స్ ఇంజెక్షన్ లేదా శస్త్రచికిత్స. బొటాక్స్‌ను లోపలి కండరంలోకి ఇస్తే సుమారు మూడు నెలలు అది వదులుగా ఉంటుంది. ప్రభావం తాత్కాలికమే అయినా, రోజుకు రెండుసార్లు రాయడం కుదరనివారికి ఇది పనికొస్తుంది.

శస్త్రచికిత్స పేరు లాటరల్ స్ఫింక్టెరాటమీ. చీలిక ఉన్న చోట కాకుండా పక్కన, లోపలి కండరంలో కొంత భాగాన్ని కోస్తారు. పూర్వం వెనక మధ్యనే కోసేవారు. అక్కడ తాళంచెవి రంధ్రంలా గాడి మిగిలి మలం ఊరడం వల్ల పక్కకు మార్చారు. దీనితో 90 శాతం కంటే ఎక్కువ మందికి పుండు మానుతుంది. మరే చికిత్సకూ ఇంత ఫలితం లేదు. దీనికి చెల్లించే మూల్యం, కొందరిలో గాలి మీద, అరుదుగా పలచటి మలం మీద అదుపు తగ్గడం. కోత ఎంత పొడవుంటే ఆ ముప్పు అంత ఎక్కువ కనుక, చీలిక పొడవును మించకుండా కోయడం ఇప్పటి పద్ధతి.

అందరి చీలికలకూ బిగువే కారణం కాదు. కాన్పు తర్వాత వచ్చే చీలికల్లో, వృద్ధుల్లో కొందరికి కండరం మామూలుగానో, అంతకంటే వదులుగానో ఉంటుంది. కాన్పులో కండరం లోలోపల చిరిగి ఉన్న స్త్రీకి మళ్లీ కండరం కోస్తే అదుపు శాశ్వతంగా పోయే ముప్పు ఉంది. ఇలాంటివారికి ముందు పీడనాన్ని కొలిచి, అల్ట్రాసౌండ్‌తో కండరాన్ని చూసి, కండరం జోలికి పోకుండా పక్కనున్న చర్మాన్ని జరిపి చీలిక మీద కప్పే ఫ్లాప్ ఆపరేషన్‌ను ఎంచుకుంటారు.

మరికొన్ని చీలికలకు ఆయింట్‌మెంట్‌తో కాలం గడపకూడదు. మధ్య గీత మీద కాకుండా పక్కన ఉన్నా, ఒకటికంటే ఎక్కువ ఉన్నా, పుండు పెద్దగా ఉండి నొప్పి లేకపోయినా వెనక పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి, క్షయ, సిఫిలిస్, హెచ్‌ఐవీ, రక్త క్యాన్సర్, మలద్వార క్యాన్సర్ వంటివి ఉండొచ్చు. అప్పుడు పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి. జ్వరంతో పాటు వాపు, ఆగకుండా పోటు ఉంటే అది చీము గడ్డ కావచ్చు, దాన్ని ఆ రోజే చూపించుకోవాలి. రక్తం మలంతో కలిసి ముదురు రంగులో పడుతున్నా, బరువు తగ్గుతున్నా, విరేచనపు అలవాటు మారినా, కళ్ల ముందు ఫిషర్ కనిపిస్తున్నా సరే పెద్దపేగు పరీక్ష చేయించాల్సిందే.